ఏటీఎం నకిలీ నోటు: చీటీకీ బ్యాంకు రసీదుకూ మధ్య ఉండే ఖాళీ

ప్రశ్న: శనివారం సాయంత్రం హనుమకొండ చౌరస్తా దగ్గర ఏటీఎంలో పది వేలు తీసిన. అన్నీ ఐదు వందల నోట్లే. రాత్రి మందుల దుకాణంలో ఒక నోటు దొంగ నోటని వాపస్ ఇచ్చిండ్రు. చీటీ నా దగ్గరే ఉంది. బ్యాంకుకు పోతే నోటు గుంజుకొని మన మీదే కేసు పెడతరని మా వాళ్లంటున్నరు. ఏం చెయ్యాలె? నా పైసలు వస్తయా?

సమాధానం:

ఆ నోటును బ్యాంకుకే ఇవ్వాలి, అయితే ఇచ్చే ముందు ఇంట్లో కూర్చొని చేయవలసిన పని ఒక గంట ఉంది. ఆ గంటలో మీరు రాసిపెట్టుకున్నదాన్ని బట్టే మీ ఐదు వందలు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. నేను వరంగల్ చుట్టుపక్కల శాఖల్లో చాలా ఏళ్లు నగదు కౌంటరులో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కౌంటరుకు ఆవలి వైపు నుంచి ఇలాంటి ఫిర్యాదులు చూశాను, ఒకసారి ఈవలి వైపు నిలబడి నేనే రాయించాను కూడా.

ఏటీఎం చీటీ చేతిలో ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. ఆ చీటీ మీరు ఫలానా యంత్రంలో, ఫలానా నిమిషానికి, ఇంత మొత్తం తీశారని మాత్రమే చెబుతుంది. యంత్రం ఏ నంబర్ల నోట్లు ఇచ్చిందో దాని మీద ఉండదు. రేపు బ్యాంకు ఇచ్చే రసీదు ఫలానా నంబరు నోటు నకిలీదని చెబుతుంది గాని, అది ఎక్కడి నుంచి మీ చేతికి వచ్చిందో చెప్పదు. ఆ నకిలీ నోటు ఆ యంత్రంలోంచే వచ్చిందన్న సంగతి ఈ రెండు కాగితాలకూ మధ్య ఖాళీగా మిగిలిపోతుంది. ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది అక్కడే. మీరు చేయవలసిన పనంతా ఆ ఖాళీని వీలైనంత పూడ్చడమే.

ముందుగా అది నిజంగా నకిలీదేనా అన్నది నెమ్మదిగా చూడండి. మందుల దుకాణంలోని చిన్న యంత్రం కూత పెట్టినంత మాత్రాన నోటు నకిలీది అయిపోదు. అసలు నోటు కాగితం అతినీలలోహిత కాంతిలో మెరవదు, మామూలు తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది, ఆ తేడాను బట్టే అలాంటి యంత్రాలు చాలావరకు పనిచేస్తాయి. చొక్కా జేబులో మరచిపోయి సబ్బు పొడిలో నానబెట్టి ఉతికిన అసలు నోటు కూడా ఆ పొడిలోని రసాయనం వల్ల మెరుస్తుంది, యంత్రం దాన్నీ తిప్పికొడుతుంది. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉన్న నోటును కూడా కొందరు వద్దంటారు. అచ్చులో పాడైన నోటు స్థానంలో రిజర్వు బ్యాంకు పెట్టే అసలు నోటు అది. ఆకుపచ్చ దారం గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే నకిలీ, గవర్నరు సంతకానికి దగ్గరగా ఉంటే అసలు అని వాట్సాప్‌లో తిరిగే మాటలో కూడా నిజం లేదు.

ఐదు వందల నోటుకు మూడు పరీక్షలు సరిపోతాయి. నోటును పక్కకు వంచి, మధ్యలో ఉన్న దారాన్నీ కుడి వైపు కింద ఉన్న ఐదు వందల అంకెనూ చూడండి. రెండూ ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. నకిలీ నోటులో దారం చోట వెండి రంగు పూతో, మెరిసే కాగితపు పట్టీయో ఉంటుంది, అది మెరిసినా రంగు మారదు. తరువాత నోటును కిటికీకి ఎదురుగా పట్టుకుంటే తెల్లగా ఉన్న భాగంలో గాంధీ నీడ బొమ్మ, పక్కనే ఐదు వందల అంకె కాగితం లోపలి నుంచి తేలి కనిపించాలి. నకిలీ నోట్లలో ఆ బొమ్మను లేత బూడిద రంగుతో అచ్చు వేస్తారు కాబట్టి, నోటును బల్ల మీద పరిచినా అది కనిపిస్తుంది, నేను ఎక్కువగా పట్టుకున్నది ఈ గుర్తుతోనే. మూడవది స్పర్శ. నోటు రెండు అంచుల వద్ద ఐదేసి ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా గోటికి తగలాలి. కానీ బాగా నలిగిన అసలు నోటులో అవి అరిగిపోతాయి కాబట్టి, ఒక్క స్పర్శనే నమ్మి తీర్పు చెప్పకండి.

పరీక్షల్లో నోటు తప్పిందంటే అది ఇక ఇంకెవరి చేతికీ వెళ్లకూడదు. కూరగాయల బండి దగ్గర కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. మీకు తెలియక చేతికి వచ్చిన నోటు వేరు, తెలిశాక మీరు చెల్లించిన నోటు వేరు. నకిలీదని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కూడా చలామణీ చేయడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షను కింద నేరం, శిక్ష యావజ్జీవం దాకా ఉంటుంది. మీ వాళ్లు భయపెడుతున్న కేసు సంగతి 180వ సెక్షనుది. అది నకిలీ నోటును తెలిసి, అసలుదిగా వాడే ఉద్దేశంతో దగ్గర ఉంచుకున్న వారికి వర్తిస్తుంది. ఆ నోటు న్యాయమైన మార్గంలోనే చేతికి వచ్చిందని రుజువు చేసుకోగలిగితే ఆ సెక్షను కింద నేరం కాదని అక్కడే వివరణగా రాసి ఉంది. మీ ఏటీఎం చీటీ విలువ డబ్బు రాబట్టుకోవడంలో కంటే ఇక్కడే ఎక్కువ. నోటును నగదు జమ యంత్రంలో వేసి చూద్దామని కూడా అనుకోకండి. అలా చేస్తే, ఏటీఎం మీకు ఇచ్చిన నోటు కాస్తా మీరు మీ ఖాతాలో జమ చేయబోయిన నోటు అవుతుంది.

ఇక ఆ గంట పని. ఏటీఎం చీటీ మీద అక్షరాలు సిరాతో కాక వేడితో పడతాయి, బండి డిక్కీలోనో పర్సులోనో ఉంటే మన ఓరుగల్లు ఎండలకు అవి త్వరగానే చదవలేనట్టు అయిపోవచ్చు. అందుకే ఈరోజే దాన్ని ఫోటో తీసి, ఒక జిరాక్సు కూడా చేయించండి. దాని మీద ఏటీఎం గుర్తింపు సంఖ్య, తేదీ, సమయం, లావాదేవీ సంఖ్య స్పష్టంగా కనిపించాలి. చీటీ రాకపోయి ఉంటే బ్యాంకు పంపిన సందేశం, ఖాతా స్టేట్‌మెంటు ఆ పని చేస్తాయి. నోటును రెండు వైపులా పగటి వెలుగులో ఫోటో తీయండి, మడతలు, మరకలు, చిరుగులు కనిపించేలా తీయండి. నంబరును ముందున్న అంకె, అక్షరాలతో సహా చేత్తో రాసి, ఫోటోతో మరోసారి పోల్చుకోండి. తరువాత నోటును విడిగా ఒక కవరులో పెట్టండి. దాని మీద రాయడం, చింపడం, పిన్ను గుచ్చడం చేయకండి.

అంతకంటే ముఖ్యమైనది లెక్క. పది వేలంటే ఇరవై నోట్లు. డబ్బు తీసేముందు మీ జేబులో ఐదు వందల నోట్లు ఎన్ని ఉన్నాయి? తీసిన తరువాత ఎక్కడ పెట్టారు? దుకాణానికి వెళ్లేలోగా ఎవరికి ఎన్ని ఇచ్చారు, ఎవరి నుంచైనా ఐదు వందల నోటు పుచ్చుకున్నారా? ఇప్పుడు ఎన్ని మిగిలాయి? ఈ ప్రశ్నలకు జవాబులు గంటల వారీగా, ఇరవై నోట్లకూ లెక్క కుదిరేలా రాయండి. పెట్రోలు బంకులో మీకు ఐదు వందల చిల్లర ఇచ్చి ఉంటే ఆ మాట దాచకండి. తరువాత బయటపడితే మీ రాతలోని మిగతా మాటలకూ విలువ పోతుంది. మందుల దుకాణంలో బిల్లు తీసుకుని ఉంటే, దాని మీది సమయం మీ లెక్కకు ఒక మేకు. దుకాణదారు ఒక్క వాక్యం రాసి సంతకం చేస్తే ఇంకా మంచిది.

మా బామ్మర్దికి నిరుడు వానాకాలంలో ఇదే జరిగింది. హసన్‌పర్తి వైపు రెండెకరాల నాట్లకు కూలీలకు ఇవ్వడానికి ఏటీఎంలో ఎనిమిది వేలు, అంటే పదహారు నోట్లు తీశాడు. ఆరు నోట్లు ముఠా మేస్త్రికి ఇచ్చాడు. మరునాడు పొద్దున ఆమె ఒక నోటు పట్టుకొని వచ్చి కిరాణంలో తీసుకోలేదన్నది. అతడు మొదట రాసిన ఫిర్యాదులో, "మీ యంత్రం నాకు దొంగ నోటు ఇచ్చింది, న్యాయం చేయగలరు" అన్న రెండు ముక్కలే ఉన్నాయి. నేను దాన్ని చింపేసి మళ్లీ రాయించాను. మొదటి వాక్యంలో ఏటీఎం సంఖ్య, తేదీ, సమయం, మొత్తం వచ్చాయి. రెండవదానిలో నకిలీ నోటు నంబరు వచ్చింది. ఆ తరువాత పదహారు నోట్లలో ఆరు మేస్త్రికి వెళ్లాయని, పది ఇంట్లోనే ఉన్నాయని, ఆ పదింటినీ యంత్రంలో పరీక్షించుకోవచ్చని రాశాము. మేస్త్రి వేరే చోట డబ్బు తీసుకోకముందే కిరాణానికి వెళ్లిందని ఆమె వేలిముద్రతో ఒక చీటీ జతచేశాము. చివర్లో రెండు కోరికలు పెట్టాము: ఆ సమయానికి పది నిమిషాలు ముందు, పది నిమిషాలు తరువాత ఏటీఎం గదిలోని కెమెరా రికార్డింగును భద్రపరచాలని, ఆ రోజు ఆ యంత్రంలో నగదు నింపిన వివరాలను పరిశీలించి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని.

కెమెరా గురించి ఒక మాట చెప్పాలి. పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది కాబట్టి, మీరు అడిగిన తేదీ ముద్రతో సహా ఉండాలి. ఆ దృశ్యాన్ని మీకు చూపించడానికి శాఖ ఒప్పుకోకపోవచ్చు, దాని గురించి వాదించవలసిన అవసరం లేదు. భద్రపరచమని మీరు అడిగారన్న రుజువు ఉంటే చాలు, రేపు వివాదం పైకి వెళ్లినప్పుడు అది ఎందుకు లేదో చెప్పుకోవలసిన బాధ్యత వారిది. ఇకముందు యంత్రం దగ్గరే అనుమానం వస్తే, అక్కడి నుంచి కదలకుండా నోటు రెండు వైపులనూ కెమెరాకు ఎదురుగా కొన్ని క్షణాలు పట్టుకోండి. నంబరు అందులో చదవగలిగేలా పడదు, కానీ నోటు గది దాటకముందే మీరు అభ్యంతరం చెప్పారన్నది పడుతుంది. కాపలా మనిషి ఉంటే అతడికి చూపించి, పుస్తకంలో రాయించండి.

ఫిర్యాదును రెండు ప్రతులుగా తీసుకుని, ఏటీఎం ఏ బ్యాంకుదో ఆ బ్యాంకు శాఖకు వెళ్లండి. మీ ఖాతా వేరే బ్యాంకులో ఉంటే మరో ప్రతి అక్కడ కూడా ఇవ్వండి, ఎందుకంటే నోట్లు నింపింది ఒకరు, మీ ఖాతాలో డబ్బు కోసినది మరొకరు. తెలుగులో రాసినా తీసుకుంటారు. ముందు ఫిర్యాదు మీద శాఖ ముద్ర, తేదీ, సంతకం వేయించుకొని, ఆ తరువాతే నోటు కవరు తెరవండి. ఈ వరుసను తారుమారు చేయకండి. నోటు ముందు ఇచ్చేస్తే, మీరు ఫిర్యాదుదారుగా కాక నకిలీ నోటు తెచ్చినవారిగా మాత్రమే ఆ రోజు రిజిస్టరులో మిగులుతారు.

కౌంటరులో జరగవలసిన తంతు రిజర్వు బ్యాంకు నిర్దేశించినదే. నోటును యంత్రంలో పరీక్షిస్తారు. నకిలీదని తేలితే, అయిదు సెంటీమీటర్ల చదరపు ముద్ర వేసి, సంతకం, తేదీతో స్వాధీనం చేసుకుంటారు. ప్రత్యేక రిజిస్టరులో ఎక్కిస్తారు. మీకు వరుస సంఖ్య ఉన్న రసీదు ఇస్తారు. దానిలో మీ పేరు, చిరునామా, నోటు నంబరు, విలువ, ఏ కారణం చేత నకిలీదని నిర్ణయించారన్నది ఉండాలి. క్యాషియరు సంతకం, మీ సంతకం రెండూ ఉంటాయి. మీరు సంతకం చేయడానికి ఇష్టపడకపోయినా రసీదు ఇవ్వవలసిందే. రసీదు మీది నంబరును మీ ఫోటోతో అక్కడే నిలబడి పోల్చుకోండి. కారణం గడి ఖాళీగా వదిలితే నింపమని అడగండి.

"పోనీలే సార్, ఒక్క నోటే కదా, తీసుకెళ్లండి" అని కొందరు క్యాషియర్లు మర్యాదగా నోటు తిరిగి ఇస్తారు. అది మీకు చేసిన మేలు కాదు. నకిలీ నోటును తిరిగి ఇవ్వడానికి గాని, శాఖలోనే చింపేయడానికి గాని బ్యాంకుకు అధికారం లేదు. స్వాధీనం చేసుకోకపోతే ఆ బ్యాంకు కావాలనే చలామణీలో పాలుపంచుకున్నట్టు లెక్క. మీరు తిరిగి తీసుకుంటే, నకిలీదని తెలిసి దగ్గర ఉంచుకున్న మనిషి మీరు అవుతారు. ఆ రాయితీ వద్దని, రసీదే కావాలని చెప్పండి.

పోలీసుల విషయంలో మీ వాళ్ల భయానికి ఆధారం కొంతే. ఒక లావాదేవీలో నాలుగు దాకా నకిలీ నోట్లు దొరికితే బ్యాంకు వాటన్నింటినీ కలిపి నెలాఖరున పోలీసులకు నివేదిక పంపుతుంది. అయిదు, అంతకంటే ఎక్కువ ఉంటే వెంటనే ఫిర్యాదు చేసి ప్రాథమిక సమాచార నివేదిక నమోదు చేయించాలి. మీది ఒక్క నోటు. ఎవరైనా ఎప్పుడైనా అడిగినా, ముద్ర పడిన మీ ఫిర్యాదు ప్రతి చూపించవచ్చు.

ఇప్పుడు పైసల సంగతి. కౌంటరులో ఇచ్చిన నకిలీ నోటుకు ఆ క్షణంలో విలువ ఇవ్వకూడదన్నది నియమం, కాబట్టి క్యాషియరు కాదంటే అతడితో గొడవపడకండి. ఆ నిరాకరణ నోటు మార్పిడికి సంబంధించినది. బ్యాంకు తన యంత్రం ద్వారా మీకు కలిగించిన నష్టాన్ని పూడ్చమని అడగడం వేరే విషయం, అది మీ ఫిర్యాదులో ఉంటుంది. వంద రూపాయలు, అంతకు పైబడిన నోట్లను యంత్రంతో పరీక్షించకుండా తిరిగి చలామణీలో పెట్టకూడదని, ఏటీఎంలలో నింపే ముందు తగిన తనిఖీలు ఉండాలని, ఏటీఎం నుంచి నకిలీ నోటు వస్తే దాన్ని ఆ బ్యాంకు నకిలీ నోట్లను చలామణీ చేసే ప్రయత్నంగా భావిస్తామని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది. మీ ఫిర్యాదులో ఈ మాటను ఒక వాక్యంగా రాయండి.

మా బామ్మర్దికి మొదట వచ్చిన జవాబు అందరికీ వచ్చేదే. తమ నగదంతా తనిఖీ చేసినదేనని, యంత్రం నుంచి నకిలీ నోటు వచ్చే అవకాశం లేదని రెండు వరుసల్లో రాశారు. బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలంటే ముందు బ్యాంకుకు రాసి ఉండాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో పెట్టవచ్చు. రుసుము లేదు, వివరాలకు 14448 నంబరు ఉంది. ఆలస్యం చేయకుండా పెట్టాలి. మేము కాగితాలన్నీ ఎక్కించి పెట్టిన తరువాత, బ్యాంకు మళ్లీ వెతికినప్పుడు ఒక సంగతి బయటపడింది. అదే యంత్రం మీద, అదే రోజు నింపిన నగదుకు సంబంధించి మరో ఖాతాదారు కూడా నకిలీ నోటు తెచ్చి ఇచ్చాడు, ఆ రెండు నోట్ల మీదా ఒకటే నంబరు. నకిలీ నోట్లు అచ్చు వేసేవాళ్లు ఒకే నంబరును అనేక నోట్ల మీద వేస్తారు, అసలు నోట్లలో ఎప్పుడైనా నంబరు కలిసినా నంబరు గడిలోని చిన్న అక్షరమో, ముద్రణ సంవత్సరమో, గవర్నరు సంతకమో వేరుగా ఉంటుంది. ఐదు వందలు ఖాతాలో జమ అయ్యాయి. మా ఫిర్యాదులో నంబరు లేకుండా "ఒక నోటు" అని మాత్రమే రాసి ఉంటే, ఆ రెండు నోట్లను ఎవరూ పక్కపక్కన పెట్టి ఉండేవారు కాదు. రెండవ నోటు దొరకకపోయి ఉంటే డబ్బు వచ్చేదని కూడా నేను చెప్పలేను, ఎందుకంటే మా నోటు మేస్త్రి చేతికి, కిరాణానికి వెళ్లి తిరిగి వచ్చినది. మీ నోటు మీ చేతి నుంచి నేరుగా దుకాణానికే వెళ్లింది కాబట్టి మీ లెక్క మా లెక్క కంటే బిగువుగా ఉంటుంది. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది గాని, ఒక్క ఐదు వందల కోసం నేనైతే అక్కడిదాకా వెళ్లను.

ఇంట్లో మిగిలిన నోట్లను కూడా సోమవారం వెంట తీసుకెళ్లి అదే కౌంటరులో యంత్రంలో వేయించండి. వాటిలో మరో నకిలీ నోటు ఉంటే అదే ఫిర్యాదులో చేర్చాలి, అందుకని నోట్ల సంఖ్య రాసే చోట కొంచెం ఖాళీ వదలండి. కౌంటరులో కట్టగా డబ్బు తీసుకునే రోజు వస్తే, బ్యాంకు ముద్ర, తేదీ, సంతకం ఉన్న కాగితపు పట్టీని గుమ్మం దాటిన తరువాత విప్పకండి. అక్కడే విప్పి లెక్కించి, అనుమానం ఉన్న నోటును పట్టీతో సహా క్యాషియరుకు చూపించండి. ఆ పట్టీ లేకుండా మరునాడు వచ్చినవారికి నేను కూడా, నా సర్వీసులో, కాదనే చెప్పాను.